పక్కింటి నానీ చెప్పిన రహీమ్

అవునప్పా, నాకు బిస్మిల్లా వచ్చు. మేం టెంకాయ కొట్టేవాళ్ళమే, అయినా వచ్చు. నేర్పించింది పక్కింటి సాయిబులవ్వ, మేం నానీ అనేటోళ్ళం; మొన్న శుక్రవారం పోయినాది. ఈ వాట్సాప్ గ్రూపులో నేనెప్పుడూ బొమ్మలే పంపుతా. ఈరోజు రాస్తా, నగద్దండి.

మా తాత బంగారు గనిలో పని చేసినప్పుడు ఇచ్చిన లైను ఇల్లు మాది, గోడలు కలిసిన వరస ఇండ్లు. గోడకి అటుపక్క నానీ. పొయ్యి ముట్టించాలన్నా బిస్మిల్లా, నన్ను తిట్టాలన్నా బిస్మిల్లా. "బిస్మిల్లా హిర్రహ్మా నిర్రహీమ్! రేయ్ సోంబేరీ, నీళ్ళు పట్టినావా?"

మా అమ్మ నా పసితనంలోనే పోయినాది. నాయన చేసుకున్న పిన్నే నన్ను పెంచింది. పిన్ని నీళ్ళోసుకున్నప్పుడు మా అత్త ఊరికే ఉండక, "ఇంగ సొంత కడుపు పండింది, వీడి సంగతి అంతే" అనేసింది. అది నాలో కూచునింది.

పిన్ని కాన్పుకి కోలారు పోయినప్పుడు నన్ను నానీ ఇంట్లో వదిలినారు. నానీ పిన్ని కోసరం నీళ్ళ బాటిల్లో ఖురాన్‌లో మొదటిది, అల్హమ్దు సూరా, చదివి ఊదతా ఉండాది. నేను కూడు ముట్టలే.

"ఏం రా మూగోడా?"

"పిన్నికి సొంత బిడ్డొస్తే నేనేమైతా నానీ?"

బాటిల్ మూత పెట్టేసింది. "ఈ సూరా మొదట్లోనే రహ్మాన్, రహీమ్ అని వస్తాది. ఒక వాక్యం దాటితే మళ్ళీ అవే. రెండిటికీ వేరు ఒకటే రా. రే, హే, మీమ్, మూడే అక్షరాలు. దయకి ఆ వేరే. తల్లి కడుపుకి అరబ్బీలో రహిమ్ అంటారే, దానికీ ఆ వేరే."

"అంటే మీ దేవుడికి కడుపుండాదా?"

నెత్తిన ఒకటి పడింది. "తౌబా, అట్లనకూడదు! ఆయన ఎవర్నీ కనలే, ఆయన్ని ఎవరూ కనలే. కడుపులో బిడ్డ ఏమన్నా అడుగుతాదా? అడక్కముందే తిండి, వెచ్చన, చోటు. అట్లాంటి దయ. మీరు కడుపుతీపి అంటారే, దాని దగ్గరికొస్తాది. రహ్మాన్ అంటే పొంగి అందరి మీదా వానలా పడేది. రహీమ్ అంటే విడవకుండా నిలిచేది. మాకు ఖురాన్ నేర్పిన ఉస్తాద్ అట్ల చెప్పినాడు. కనకుండానే ఆయన అందర్నీ చూస్తా ఉంటే, కనకుండా మీ పిన్ని నిన్నొక్కణ్ణి చూడలేదా? తిను!"

తిన్నా. సగమే.

పిన్ని ఆటో దిగి, పాపని నానీ చేతిలో పెట్టి నా తట్టు చూసింది. "వీడేంది, ఇట్ల చిక్కిపోయినాడు? ఏం పెట్టినావు నానీ?"

నానీ నన్ను మోచేత్తో పొడిచింది. "బిస్మిల్లా! చూస్తివా?" అని ఒకటే నగు. పిన్నికి ఏమీ అర్థం కాలే. బాటిల్లో నీళ్ళు గటగటా తాగేసింది.

ఇప్పుడు నానీ తలుపుకి బీగం. వాళ్ళ కొడుకు బంగారుపేటకి ఎళ్ళిపోయినాడు. మా చెల్లెలు, ఆ పొద్దు నానీ చేతిలో పెట్టిన పాపే, రాగి ముద్ద పళ్ళెం ఎత్తుకొని ఆ మెట్టు మీదే కూచుంటాది. పెద్దగా బిస్మిల్లా అని, మొదటి ముద్ద నానీకని మూసిన తలుపుకి చూపిస్తాది, తర్వాత నా నోట్లో పెడతాది. పిన్ని చూస్తానే ఉండాది, ఆపలే.

మీరైతే ఆపుతారా అప్పా?