మంద లెక్క

కర్నూలు కల్లూరులో ఒక జిరాక్సు అంగడి మీది గదిలో కూర్చుని నేను బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు రాస్తాను. ఆడిటరు దగ్గర కొన్నేళ్ళు పనిచేసి నేర్చుకున్న విద్య ఇది. బండల పాలిషింగు, సిమెంటు ఇటుకలు, పప్పు మిల్లు, పాడి, దేనికైనా నా కంప్యూటర్లో ఒక నమూనా ఉంటుంది. వచ్చేవాళ్ళలో చాలామంది ముందు లోను ఎంత కావాలో చెప్పి, దానికి సరిపడా వ్యాపారాన్ని నన్నే కల్పించమంటారు. కుదరదంటే, ఫలానా ఆయన రాసిస్తాడంట కదా అని ఎదురుగానే అనేస్తారు. ఆయన దగ్గరికే వెళ్ళండి అంటాను. ఈ వృత్తిలో మొహమాటపడితే నెత్తిన చేతులు పెట్టుకోవాల్సిందే.

గొర్రెలాయన అలాంటివాడు కాదు. కర్నూలుకు పడమటి పల్లె నుంచి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కి వచ్చి, కుర్చీ చూపిస్తే వద్దని నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మోకాళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ప్రతి ఎండాకాలమూ మందను తోలుకోని కోయిలకుంట్ల పక్క కాలవ కింద సేన్లకు పోతామమ్మా" అన్నాడాయన. "పోయినేడు ఈమె నడవలేకపోయింది. యాడ కూలబడితే ఆడ నేనూ ఆగల్ల. మంద ఆగదు గదా. ఇంగ ఇంటికాడనే షెడ్డేసి మేపుకుందామని. లోను ఇస్తారంట గదా."

అంతే ఆయన కోరిక. షెడ్డు, గడ్డి కోసే మిషను, సొంత పొలంలో గడ్డి పెంచడానికి నీటి పైపులు, ఇంకొన్ని ఈనే గొర్రెలు. లోను వస్తే ఆమె నడవక్కర్లేదు. రాకపోతే ఫాల్గుణం దాటగానే మళ్ళీ మంద వెనకాల బయల్దేరాలి. ఈసారి ఆమె వల్ల కాదని ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం అనడం లేదు.

గొర్రెల రిపోర్టు చూడ్డానికి తేలిక. గొర్రె ఎన్నాళ్ళకు ఈనుతుంది, పిల్లల్లో ఎన్ని బతుకుతాయి, పొట్టేలుపిల్లను ఏ వయసులో అమ్ముతారు, దాణా ఖర్చు, మందుల ఖర్చు, ఇన్సూరెన్సు, ఎరువు అమ్మకం. వీటిని ఏడాది ఏడాదికీ పేర్చుకుంటూ పోవాలి. మొదటి పిల్లలు అమ్ముడుపోయే దాకా లోను తిరిగి కట్టే కంతు మొదలవకూడదు. ఆ తర్వాత ఏ ఏడాదిలోనైనా చేతికొచ్చే మిగులు కంతుకు ఒకటిన్నర రెట్లు ఉంటే బ్యాంకువాళ్ళ ముఖం విప్పారుతుంది. ఈ మాట చెబితే గొర్రెలాయన తలూపాడు.

తగువు వచ్చింది గడ్డి దగ్గర. ఆయన లెక్కలో మేతకు ఖర్చు లేదు. మంద బీడులో తిరిగి మేసేది, రాత్రికి దాన్ని ఎవరి చేనిలోనో ఆపేవాడు, ఆ ఎరువుకు చేను ఆసామే ఇంత ఇచ్చేవాడు. మేపినందుకు ఎదురు డబ్బులు వచ్చే బతుకు ఆయనది. మంద షెడ్డులో నిలబడితే ఆ ఆదాయం పోయి, గడ్డి ఖర్చు వచ్చి కూర్చుంటుందని నేను ఒక పద్దు కొట్టేసి, ఇంకో పద్దు రాశాను.

"మూడుపూట్లా ఇంత తింటాయా ఇవి?" అన్నాడు కాగితం మీది అంకెను అనుమానంగా చూస్తూ.

"ఇంతకాలం ఊరోళ్ళ బీట్లో తింటాన్నందుకు నీకు తెలీలేదు" అంది కిందినుంచి భార్య. ఆమెకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది.

అన్నీ అయ్యాక, "ఇప్పుడు మందలో ఎన్ని ఉన్నాయి?" అని అడిగాను.

"ఉండాయిలేమ్మా ఏవో."

"ఏవో అని రాస్తే బ్యాంకువాళ్ళు నవ్వుతారు. ఎన్ని?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుని కిటికీ వైపు చూడసాగింది. "ఓ ముప్పై రాసుకోమ్మా" అన్నాడు. రాసుకున్నాను. నేను టౌన్లో పెరిగినదాన్ని, మా ఇంట్లో నాలుగు కాళ్ళున్నది మంచమొక్కటే. ఆ 'రాసుకో' అన్న మాటలో ఏముందో నాకు తట్టలేదు. ఉన్నవాటికీ కొత్తవాటికీ కలిపి షెడ్డు కొలతలు వేశాను, ఉన్న మందను ఆయన ఆస్తి కింద చూపించాను, సంతకాలు పెట్టించి పంపాను.

బ్యాంకు మేనేజరు గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. నా రిపోర్టులను చదివే కొద్దిమందిలో ఒకడు. తనిఖీకి జీపులో వెళ్తూ, అనుమానాలుంటే అక్కడే తీరతాయని నన్నూ రమ్మన్నాడు. పశువుల డాక్టరు మా వెనకే బండిమీద వచ్చాడు.

ఊరి బయట ముళ్ళకంప కట్టిన దొడ్డి. మందను మేతకు వదలకుండా అందులోనే ఆపి ఉంచారు. మేనేజరు కంప మీదుగా లోపలికి చూసి, చేతిలోని నా రిపోర్టు చూసి, మళ్ళీ లోపలికి చూశాడు. లెక్కపెట్టాల్సిన అవసరం లేదు. ముప్పైకి రెండింతల పైనే ఉన్నాయని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఎవరివి తెచ్చి కలిపారండీ?" అన్నాడు మేనేజరు. గొంతులో కోపం లేదు. నావైపు తిరిగి, "నేను ఇదివరకు పనిచేసిన చోట ఒకే మందను ముగ్గురి దొడ్లలో చూశానండీ. నేను వెళ్ళే రోజుకి మంద నాకంటే ముందే వెళ్ళేది" అన్నాడు.

గొర్రెలాయన చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. తప్పు చేసి దొరికినవాడు ఎలా నిలబడతాడో అచ్చం అలాగే. నాకు ఒళ్ళు మండింది. నా సంతకం ఉన్న రిపోర్టు అది. అరువు గొర్రెలు చూపించేవాళ్ళకు రాసిస్తుందన్న పేరు ఒక్కసారి వస్తే కర్నూల్లో ఏ బ్యాంకూ నా కాగితం ముట్టదు.

డాక్టరు లోపలికి వెళ్ళి రెండు మూడు గొర్రెల చెవులు పట్టి చూశాడు. "అన్నిటికీ ఒకటే కోత ఉండాది సార్. ఒగింటి గురుతే" అన్నాడు. ఎవరి మందకు వాళ్ళు పిల్లగా ఉన్నప్పుడే చెవికి ఒక తీరుగా కోత పెట్టుకుంటారని అప్పుడే విన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. మేనేజరు మాత్రం, "అన్నదమ్ములు ఒకే గుర్తు పెట్టుకోరా?" అని అడిగాడు. పెట్టుకుంటారని డాక్టరు ఒప్పుకున్నాడు. గొర్రెలాయన తమ్ముడి దొడ్డి అక్కడికి కూతవేటు దూరంలో కనబడుతూనే ఉంది.

"సరేనండీ" అన్నాడు మేనేజరు. "మీవి ఎన్నో మీరే చెప్పండి. డాక్టరుగారు లెక్కపెడతారు. సరిపోతే ఫైలు ముందుకెళ్తుంది. తెచ్చి కలిపినవైతే లెక్క మీకు సరిగ్గా తెలియదు కదా."

ఇంతకంటే తేలికైన పరీక్ష ఉండదు. ఆయన మాత్రం దొడ్డి వైపు తిరిగి, జారిన కంప ఒకటి సర్దసాగాడు. నేను దగ్గరికి పోయి, "చెప్పవేమప్పా, నీ గొర్రెలు నీకు తెలీవా?" అని గట్టిగానే అన్నాను.

"తెలుసమ్మా. ఒగోదాని మొగం తెలుసు. సెప్పడమే..." అని ఆగిపోయాడు.

భార్య నన్ను పక్కకు పిలిచింది. "మందను నోటితో లెక్క సెప్పగూడదమ్మా మాకు. సెప్తే నిలవదు. మా మామ సెప్పలేదు, ఆయప్ప నాయన సెప్పలేదు. సంతకు పోయినా అమ్మేటివి ఎన్నో సెప్తాడు గానీ ఇంటికాడ ఎన్నుండాయో సెప్పడు. నాకు గూడా ఎప్పుడూ సెప్పలే" అంది. ఆ చివరి మాటలో కొంచెం నిష్ఠూరం వినబడింది.

నేను ఈ సంగతి మేనేజరుకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మా అమ్మ కూడా చంటిపిల్లల బరువు తూయనిచ్చేది కాదండీ" అన్నాడు. "కానీ అది రాసి పైకి పంపలేను కదా. నాకు ఒక అంకె కావాలి."

డ్రైవరు జీపు తిప్పి పెట్టుకున్నాడు. గొర్రెలాయన దొడ్డి వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె బండమీద కూర్చుని రెండు చేతులతో మోకాలు ఒత్తుకుంటోంది. నా కోపం అక్కడితో చల్లారింది. ఆ మనిషి మీద జాలి వేసింది, నా నమూనా మీద చిరాకు వేసింది.

ఆయన తల గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. మేనేజరును మోచెయ్యి పట్టుకుని జీపు అవతలికి, గొర్రెలు కనబడని చోటికి తీసుకుపోయాడు. చెవిలో చెప్పాడు. మేనేజరు ఆ అంకెను రిపోర్టు వెనక రాసుకుని కాగితం మడిచాడు. డాక్టరు కంప కొద్దిగా జరిపి, ఒక్కొక్కదాన్నే సందులోంచి బయటికి వదులుతూ లెక్కపెట్టాడు. చివరి గొర్రె బయటికి వచ్చాక మేనేజరు మడత విప్పి చూశాడు. సరిపోయింది. ఆ అంకె నేనూ చూశాను, ఇక్కడ మాత్రం రాయను.

రిపోర్టు మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. షెడ్డు పెరిగింది, గడ్డి పెరిగింది. ఉన్న మంద పెద్దదని తేలడంతో కొత్తగా కొనాల్సిన గొర్రెలు తగ్గాయి, అడిగే లోనూ తగ్గింది. తక్కువ అడిగేవాడిని బ్యాంకు ఇష్టపడుతుంది. లోను మంజూరైంది. ఇన్సూరెన్సు కోసం డాక్టరు ప్రతి గొర్రె చెవికీ నంబరున్న బిళ్ళ వేశాడు. ఆ రోజు గొర్రెలాయన దొడ్డి దగ్గర లేడని, భార్యే దగ్గరుండి వేయించిందని తర్వాత విన్నాను.

ఆ ఎండాకాలం వాళ్ళు ఎక్కడికీ పోలేదు. వానలు పడ్డాక ఆ పక్క పల్లెల్లో గొర్రెలకు నీలి నాలుక జబ్బు వచ్చింది. ఒక పొద్దున గొర్రెలాయన నా గదికి వచ్చి, బల్లమీద ఒక గుడ్డమూట పెట్టాడు. విప్పితే చచ్చిన గొర్రెలవి కోసిన చెవులు, వాటికి బిళ్ళలు. బిళ్ళ చూపించకపోతే ఇన్సూరెన్సు రాదని డాక్టరు చెప్పాడట. పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్లు కూడా తెచ్చాడు, క్లెయిము కాగితాలు నన్ను నింపిపెట్టమన్నాడు.

నేను తల ఎత్తలేకపోయాను. ఆయనతో ఆ అంకె చెప్పించిన రోజే కళ్ళముందు తిరుగుతోంది. ఆయన నా మనసు కనిపెట్టినట్టున్నాడు.

"లెక్క సెప్పినదానికే పోయినాయని అనుకుంటాండావా? మా తమ్మునివి శానా పోయినాయి. వాడు ఎవురికీ సెప్పలేదు" అన్నాడు.

"మీ ఆమె ఎట్లుంది?"

"బాగుండాది. గడ్డి కోసే మిషను కాడ కూసోని నా మీద పెత్తనం జేస్తాంది."

చచ్చినవి ఎన్ని అని అడిగాను. వెంటనే చెప్పాడు, ఏ బిళ్ళ ఏ గొర్రెదో, ఏది ఎవరి కూతురో కూడా చెప్పాడు. అన్నీ రాసుకున్నాను. తర్వాతి గడిలో, బిళ్ళ వేసినవాటిలో ప్రస్తుతం మందలో ఉన్నవి ఎన్ని అని ఉంది. నా పెన్ను అక్కడ ఆగడం చూసి ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

"అది నన్ను అడగొద్దమ్మా. నువ్వే తీసేసుకో" అన్నాడు.

నేను మనసులోనే తీసివేసి, పెదవి కదపకుండా రాశాను.