మా అత్తమ్మ మెచ్చిన రంగు

మా పెద్దమ్మాయి పుట్టిన మూడో రోజుకే మా అత్తమ్మ దాని పెళ్ళి కుదిర్చేసింది. వరుడెవరో తేలలేదు గానీ మిగతావన్నీ తేలిపోయాయి. కట్నం అడిగే ధైర్యం ఎవడికీ ఉండదట, వాళ్ళే ఎదురొచ్చి కాళ్ళు కడుగుతారట. ఇంత ధీమాకి కారణం పిల్ల రంగు.

అప్పుడు మేం ఢిల్లీ కంటోన్మెంటులో జవాన్ల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన మిలిటరీ బళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్, నాయక్ హోదా. గ్రీజు పూసుకున్నా కడుక్కున్నా ఆయన మొహంలో పెద్ద తేడా కనిపించేది కాదు. నేనూ అంతే నలుపు. పురిటికి సాయం కోసం విజయనగరం నుంచి రెండు రోజులు రైల్లో వచ్చిన మా అత్తమ్మ మా ఇద్దరి కంటే ఒక పాలు ఎక్కువే. అలాంటి ఇంట్లో బంగారంలా మెరిసే పిల్ల పుడితే ఆవిడ కాళ్ళు నేల మీద నిలవలేదు.

"మా మేనత్త పోలికే. ఆవిడ ఇలాగే ఉండేది, పసిమిగా," అంది.

"ఏ మేనత్త, అమ్మా? నేనెప్పుడూ చూళ్ళేదే," అన్నారు మా ఆయన.

"నువ్వు పుట్టకముందే పోయింది లేరా." ఆ మేనత్త అసలు పుట్టిందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

నన్నూ పిల్లనీ కూర్చోబెట్టిన గదిలో వెలుతురు చొరబడే సందు లేదు. డిసెంబరు చలి ఒకటి, బాలింతకి గాలి తగలకూడదన్న పట్టుదల ఒకటి. కిటికీకి మిలిటరీ కంబళి, తలుపుకి పాత చీర, పైన పసుప్పచ్చటి చిన్న బల్బు. ఆ వెలుగులో గోడ మీది సున్నం కూడా బంగారంలాగే ఉండేది. పైగా మా అత్తమ్మ రోజూ నా ఒళ్ళంతా పసుపు పట్టించి నీళ్ళు పోసేది. పిల్ల మరీ పచ్చగా ఉందేమో అని నాకు ఒకసారి అనుమానం వచ్చి అడిగాను.

"నీ ఒంటి పసుపే అంటుకుంది," అని తేల్చేసింది. నేనూ నమ్మాను. నమ్మడం హాయిగా ఉంది మరి.

నాలుగో రోజు ఆదివారం. పక్క క్వార్టరులో ఉండే మలయాళీ దీదీ పిల్లని చూడ్డానికి వచ్చింది. ఆవిడ మిలిటరీ ఆస్పత్రిలో నర్సు. పిల్లని చేతుల్లోకి తీసుకుని, ఎవరినీ అడక్కుండా కంబళి లాగేసి కిటికీ తెరిచింది. మా అత్తమ్మ "అయ్యో అయ్యో" అంటున్నా వినలేదు. బొటనవేలితో పిల్ల ముక్కు మీద నొక్కి తీసింది. రక్తం పక్కకి పోయినచోట తెల్లబడాల్సింది పోయి పచ్చగా తేలింది. తర్వాత ఛాతీ మీద నొక్కింది, పొట్ట మీద, మోకాలి మీద. అన్నిచోట్లా పచ్చదనమే. చివరికి కనురెప్ప మెల్లగా ఎత్తి చూపించింది. తెల్లగుడ్డు తెల్లగా లేదు.

"ఒంటి పసుపు కంట్లోకి పోతుందా? ఇది పీలియా. మొహంతో మొదలై కాళ్ళ దాకా దిగింది. ఇప్పుడే పదండి," అంది హిందీలో.

పీలియా అంటే కామెర్లని నాకు తెలుసు. పిల్లని కొంగులో చుట్టుకుని లేచాను.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ మేజరు. మడమలో సూది గుచ్చి రక్తం తీయించింది. అందులో కామెర్ల లెక్క పద్దెనిమిది వచ్చింది. నా గ్రూపూ పిల్ల గ్రూపూ పరీక్ష చేయించి, వాటి మధ్య తగువేమీ లేదని చెప్పింది. అప్పుడే పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కాస్తో కూస్తో కామెర్లు వస్తాయనీ, చాలామందికి వాటంతటవే పోతాయనీ, మా పిల్లకి మాత్రం హద్దు దాటాయనీ అంది. "ఇరవై దాటిందంటే రక్తం మార్చాల్సి రావచ్చు. ఈ పసుపు మెదడులో చేరితే వినికిడి పోవచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పచ్చు. ఆ తర్వాత మేమేం చేసినా తిరిగిరాదు."

ఈ ముక్క మా ఆయన తెలుగులో చెప్పలేకపోయారు. మా అత్తమ్మ ఆయన మొహం చూసే అర్థం చేసుకుంది.

"ఎక్కడిదయ్యా ఈ పసుపు? నేనేం పెట్టాను పిల్లకి?" అని గొణిగింది.

డాక్టరమ్మ చుట్టూ చూసి మా ఆయన మోచెయ్యి పట్టుకుంది. వారం కిందట జాకీ జారి అక్కడ దెబ్బ తగిలింది. కమిలిన నీలం పోయి, చుట్టూ ఆకుపచ్చ, అంచున పసుపు తిరిగి ఉంది.

"ఇదే అది. రక్తం విరిగితే ఈ రంగులు వస్తాయి," అంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి తల్లి ద్వారా అందే ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఎర్రకణాలు ఎక్కువ పెట్టుకుంటుందట. బయటికొచ్చి ఊపిరి తీశాక అన్ని అక్కర్లేదు. పైగా పసికందు కణాలు మన వాటంత కాలం బతకవు. అవి విరుగుతూంటే లోపలి ఎరుపు మొదట ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది. ఆ పసుపు పేరు బిలిరుబిన్. అది నీళ్ళలో కరగదు. కాలేయం దానికి మరొకటి జతచేసి కరిగేలా చేస్తేనే పైత్యరసంతో పేగులోకి దిగి బయటికి పోతుంది. పుట్టేదాకా ఆ బాధ్యత తల్లి ఒంటిది. ఇప్పుడు హఠాత్తుగా పిల్ల కాలేయం మీద పడింది, దానికింకా చేతకాదు.

మా ఆయన దీన్ని తనకొచ్చిన భాషలోకి మార్చారు. "అమ్మా, పాత బళ్ళు విప్పేశారు, తుక్కు చాలా పోగయింది. గేటు పాసు రాసే గుమాస్తా కొత్తవాడు. పాసు లేకపోతే తుక్కు బయటికి పోదు."

"ఆ గుమాస్తాకి చెప్పరా తొందరగా రాయమని," అంది మా అత్తమ్మ.

తర్వాత డాక్టరమ్మ నా వైపు తిరిగి పాలు ఎన్నిసార్లు ఇస్తున్నావు, పిల్ల ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళింది అని అడిగింది. మూడు రోజులూ ముర్రుపాలు పిండి పారబోశాం. పిల్ల నోట్లో పంచదార నీళ్ళే పోశాం. దొడ్డికి ఒక్కసారే వెళ్ళింది. కాలేయం కష్టపడి పేగులోకి పంపిన కాస్త పసుపూ బయటికి పోక మళ్ళీ రక్తంలోకే చేరుతోందట. నేను అత్తమ్మ వైపు కోపంగా చూశాను. కానీ పిండి పారబోసిన చేతులు నావే.

పిల్లని బట్టలు విప్పి, కళ్ళకి గంతలు కట్టి, నీలపు ట్యూబులైట్ల కింద తొట్టెలో పడుకోబెట్టారు. పక్కన హీటరు పెట్టారు. ఈ వెలుగు చర్మంలోని పసుపుని తాకి దాని ఆకారం మారుస్తుందనీ, అలా మారినది కాలేయం సాయం లేకుండానే కరిగి దొడ్డితోనూ మూత్రంతోనూ పోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. "పనిచేసేది వేడి కాదు, వెలుగు. అది చర్మం మీద పడాలి," అని రెండుసార్లు అంది. మా ఆయన రెండోసారి అనువాదం చెయ్యలేదు, అప్పటికే ట్యూబులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటున్నారు.

రెండు గంటలకోసారి తీసి పాలివ్వడం నా వంతు. మిగతా సమయం మా అత్తమ్మ తొట్టె పక్కనే స్టూలు మీద కూర్చునేది. పాలిచ్చి నేను కునుకు తీస్తే ఆవిడే కాపలా. అంత శ్రద్ధగా కూర్చుంటే నేను మనసులో మెచ్చుకున్నాను కూడా.

సోమవారం పొద్దున రక్తం చూస్తే మళ్ళీ పద్దెనిమిదే.

డాక్టరమ్మ నొసలు ముడిపడింది. మా ఆయన లైటు తొట్టెకి ఎంత ఎత్తులో ఉందో జానలతో కొలిచి, ట్యూబుల హోల్డర్లు పరీక్షించి, సరిగ్గానే ఉన్నాయని మేజరుగారికి నివేదిక ఇచ్చారు. ఆవిడ నవ్వు ఆపుకుంది. రక్తం మార్చే గదిని ఒకసారి సిద్ధం చెయ్యమని నర్సుకి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆ మాట విన్నాక నాకు మంచం మీద కూర్చోవడం చేతకాలేదు.

ఆ మధ్యాహ్నం మా పక్కింటి దీదీకి ఆ వార్డులో డ్యూటీ పడింది. లైటు ఆపి పిల్లని కిటికీ దగ్గరికి తెచ్చింది. తెచ్చి, ఒళ్ళంతా తిప్పి చూసింది. పిల్ల కాళ్ళు తేటబడ్డాయి. చేతులు తేటబడ్డాయి. ఛాతీ నుంచి తొడల దాకా మాత్రం నిన్నటి పసుపే. మధ్యలో గీత గీసినట్టు అంచు.

"వెలుగు పడినచోట చర్మంలోంచి పసుపు పోతుంది. ఇక్కడ పడలేదు. ఎవరు కప్పారు?" అంది.

మా అత్తమ్మ ఒళ్ళో మడతపెట్టిన తెల్లటి పంచె ముక్క ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తగారని చూడలేదు, పదిమంది ఉన్నారని చూడలేదు. "ఏటి అత్తమ్మా ఇది? పిల్లని చంపేస్తావేటి?" అని అరిచేశాను.

ఆవిడ తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పంచె ముక్క వేళ్ళకి చుట్టుకుంటూ మెల్లగా అంది. "ఎండలో తిరిగితే నల్లబడతాం కదే. ఇంత వెలుగు రాత్రీ పగలూ కొడతంటే పిల్ల నల్లగైపోదా? వచ్చిన రంగు పోతాదని ఎవరూ సూడనప్పుడు కప్పినాను. నల్లపిల్లంటే ఏటో నీకు తెలీదేటి? నన్ను సూసుకోడానికొచ్చినోళ్ళు మా సెల్లిని అడిగినారు. పెళ్ళినాడు మొహానికి పిండి రాసి కూకోబెట్టినారు. సెమటకి అది కారతంటే అందరూ నవ్వినారు."

నాకు తెలుసు. నన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు మా ఇంట్లోనూ అద్దం ముందు అదే పని జరిగింది. ఎవరూ అడగకుండానే ఆవిడ లేచి పంచె ముక్క తీసుకెళ్ళి దీదీ చేతికిచ్చేసింది. ఆ తర్వాత రెండు రోజులూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్ల ఆకుపచ్చగా నీళ్ళలా దొడ్డికి వెళ్తే "పాసు రాసేడు, పాసు రాసేడు" అని వార్డంతా వినబడేలా చెప్పింది.

మంగళవారం పద్నాలుగు. బుధవారం పది. లైటు ఆపి గంతలు విప్పారు. మళ్ళీ పెరగలేదని ఇంకో రోజు చూసుకుని ఇంటికి వెళ్ళమన్నారు.

ఆ పొద్దున ఎండ బాగా కాసింది. మా అత్తమ్మ పిల్లని అడిగి తీసుకుని తనే కిటికీ దగ్గరికి నడిచింది. దీదీ చేసినట్టే బొటనవేలితో ముక్కు మీద నొక్కింది, ఛాతీ మీద, పొట్ట మీద, మోకాలి మీద. ప్రతిసారీ వేలు తీసి, వంగి చూసింది. ఎక్కడా పసుపు లేదు. వేలి కింద ఓ క్షణం పాలిపోయి, వెంటనే మా ఇంటి నలుపు తిరిగొచ్చింది. తన చెయ్యి పక్కన పిల్ల చెయ్యి పెట్టి చూసింది.

"నా రంగేనే. నా రంగే వచ్చేసింది," అంది నా వైపు తిరిగి. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతోంది. ఆవిడ ఆ రంగు చూసి సంతోషించడం నేను చూసింది అదే మొదటిసారి.