ఇరవై రోజుల టమాటా చార్టు

ఆ ఏడాది నా ఉద్యోగం నలభై నిమిషాల పాఠం మీద ఆధారపడింది. కొత్తవలసలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పే గెస్ట్ లెక్చరర్ని నేను. గెస్ట్ అన్నారు కదా అని మర్యాదలు జరుగుతాయనుకునేరు, అదేం లేదు. వేసవి రాగానే తీసేస్తారు. కాలేజీ తెరిచాక రమ్మంటే రావాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. అలా పదకొండేళ్ళుగా విజయనగరం నుంచి రైల్లో వచ్చి పోతూనే ఉన్నాను. ఈసారి ప్రిన్సిపల్ గారు ముందే చెప్పేశారు: బయటినుంచి ఇద్దరు పరిశీలకులు వచ్చి క్లాసులో కూర్చుంటారు, బాగుందని వాళ్ళు రాస్తేనే నాకు మరుసటి ఏడు ఉంటుంది.

"స్క్రిప్టు రాసివ్వండి మేడమ్. మీరేం అడుగుతారో, పిల్లలేం చెబుతారో, అన్నీ అందులో ఉండాలి" అన్నారాయన. క్లాసా, నాటకమా అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. పదకొండేళ్ళలో నేను బాగా నేర్చుకున్న విద్య అదే.

పాఠం పేరు 'చార్టు చదవడం'. షేర్ మార్కెట్టులో ధరల పటం ఎలా చూడాలో సెకండియర్ పిల్లలకు పరిచయం చెయ్యాలి. వాళ్ళలో ఒక్కరి ఇంట్లోనూ షేర్లు లేవు. టమాటాలు లేని ఇల్లు మాత్రం లేదు. అందుకని స్క్రిప్టు ఇలా మొదలుపెట్టాను: "పిల్లలూ, టమాటా ధరకి రోజులో నాలుగు ముఖాలు. పొద్దున మొదటి బేరం ఎంతకి అయింది, రోజంతటిలో ఎక్కువ ఎంత, తక్కువ ఎంత, కొట్టు కట్టేముందు ఆఖరి బేరం ఎంత. మొదటి ధరకీ ఆఖరి ధరకీ మధ్య ఒక పెట్టె గీయండి. పెట్టె దాటి పైకి పోయినదీ కిందికి దిగినదీ సన్నటి గీతలుగా చూపించండి. అదే క్యాండిల్. ఆఖరి ధర మొదటి ధర కంటే ఎక్కువైతే పచ్చరంగు, తక్కువైతే ఎరుపు." రాసుకుని నాకు నేనే మురిసిపోయాను.

ధరలు కావాలి కదా. సాయంత్రం తిరుగు రైలెక్కే ముందు నేను రోజూ కూరలు కొనేది స్టేషన్ దగ్గర కొట్టు పెట్టుకున్న ఒకామె దగ్గర. ఆమె కూతురు నా క్లాసులోనే చదువుతోంది. పొద్దున తల్లితో కొట్టు సర్ది క్లాసుకి వస్తుంది, క్లాసయ్యాక మళ్ళీ కొట్టుకే పోతుంది. ఇరవై రోజులపాటు టమాటా నాలుగు ధరలూ రాసిపెట్టమని ఆ పిల్లని అడిగాను.

"మాయమ్మ కొట్టు గురించి బోర్డు మీద సెప్తారా మేడమ్?" అంది. చెప్తానన్నాను. సంతోషంతో ముఖం ఇంత చేసుకుంది.

ఇరవై రోజులూ ఒక్క గడి ఖాళీ లేకుండా రాసి తెచ్చింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద చార్టు పేపరు పరిచి, స్కెచ్ పెన్నులు పట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఎరుపు. రెండో రోజు ఎరుపు. మూడోదీ ఎరుపే. పదో క్యాండిల్ దాకా వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నోటుబుక్కు ఆఖరిదాకా తిరగేశాను. ఇరవైకి ఇరవై ఎరుపే.

నా మొహం, ఆలోచిస్తే ముందే తెలియాలి. పొద్దున గట్టిగా నిగనిగలాడుతూ వచ్చిన కాయ సాయంత్రానికి మెత్తబడుతుంది. మిగిలిపోతే రేపటికి పనికిరాదు కాబట్టి ఆమె ధర తగ్గించి వదిలించుకుంటుంది. మర్నాడు కొత్త సరుకు వస్తుంది, ధర మళ్ళీ పైన మొదలవుతుంది. అంటే రోజురోజుకీ టమాటా ప్రియమవుతున్న వారంలో కూడా ప్రతి క్యాండిలూ ఎరుపే. షేరు అలా కాదు. పొద్దున అమ్మిన షేరూ సాయంత్రం అమ్మిన షేరూ ఒకటే, ఎండకి వాడిపోదు. ఈ తేడా చెప్పి ఉంటే అంతకంటే మంచి పాఠం ఇంకోటి ఉండేది కాదు. లేదంటే రోజూ మొదటి ధర ఒక్కటే తీసుకుని చుక్కలు కలిపి గీతచార్టు గీసినా సరిపోయేది. ఇవన్నీ ఇప్పుడు తోస్తున్నాయి. ఆ మధ్యాహ్నం తోచిందల్లా ఒక్కటే: స్క్రిప్టు ప్రిన్సిపల్ బల్ల మీదికి వెళ్ళిపోయింది, అందులో పచ్చ క్యాండిల్ గురించి పావుగంట పాఠం ఉంది, నా దగ్గర ఒక్క పచ్చ క్యాండిలూ లేదు.

మార్చాను. ఇరవైలో ఏడు రోజులు. ఒక రోజు లెక్క ఇంకా గుర్తుంది. మొదటి ధర ఇరవై నాలుగు, ఎక్కువ ఇరవై ఆరు, తక్కువ పద్దెనిమిది, ఆఖరి ధరా పద్దెనిమిదే. ఆఖరిది ఇరవై ఆరు చేశాను. అప్పుడు కింద పొడుగాటి గీత ఒకటి మిగిలి వికారంగా ఉందని తక్కువ ధర కూడా ఇరవై రెండు చేశాను. ఒక అబద్ధం పెడితే దాని పక్కన ఇంకోటి పెట్టాల్సి వచ్చింది. తప్పని తెలియక కాదు. అలసిపోయి ఉన్నాను. టమాటాలే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను.

పరిశీలకులు వచ్చిన రోజు పిల్లలంతా ఉతికిన బట్టల్లో, నూనె రాసిన తలలతో వరసగా కూర్చున్నారు. రిహార్సల్ అంతా నల్లబల్ల మీద ఉత్త బొమ్మలతో చేశాం. అంకెలున్న చార్టు వాళ్ళు చూడటం అదే మొదలు. స్క్రిప్టు ప్రకారం మొదలుపెట్టాను: "ఇవి మన స్టేషన్ దగ్గర కొట్టులోని ధరలు. రాసి తెచ్చింది మన క్లాసు అమ్మాయే. ఆ కొట్టు వాళ్ళమ్మగారిది." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ లేచి నిలబడి చార్టు చూసింది. చూస్తూనే ఉంది. తర్వాత నావైపు చూసింది. నేను చప్పున తల తిప్పుకున్నాను.

స్క్రిప్టులో తనకిచ్చిన జవాబు ఆ పిల్ల చెప్పింది: "ముగింపు ధర ప్రారంభ ధర కంటే ఎక్కువగా ఉంటే పచ్చ క్యాండిల్, మేడమ్." గొంతులో జీవం లేదు. అంతటితో అయిపోవాలి. ఇద్దరు పరిశీలకుల్లో పెద్దాయన కళ్ళజోడు తీసి, స్క్రిప్టులో లేని ప్రశ్న అడిగాడు.

"ఒక్క సందేహం. నేనూ సాయంత్రమే కూరగాయలు కొంటాను. సాయంత్రానికి ధర తగ్గుతుంది కదమ్మా. ఇక్కడ ఇరవై నాలుగుతో మొదలై ఇరవై ఆరుకెలా ముగిసింది?"

ఆయన అడిగింది ఆ పిల్లని. జవాబు చెప్పాల్సింది నేను. 'ఆ అంకె నేను మార్చానండీ' అంటే అయిపోయేది. నోరు తెరిచాను కూడా. ఎదురుగా ప్రిన్సిపల్ గారు కూర్చున్నారు. ఆ పిల్ల ఒక్క క్షణం నాకోసం ఆగింది. నేనేం చెప్పనని అర్థమయ్యాక తనే చెప్పింది.

"ఆ రోజు మాయమ్మ ఎక్కువకి అమ్మింది సర్. రైలు దిగినోళ్ళు తొందరలో ఉంటారు, బేరమాడరు. అందుకని పెంచింది."

వెనక బెంచీల్లో ఒకడు "వాడిపోయినవా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి, "గిరాకీని బట్టి ధర! చక్కటి ఉదాహరణ" అని రాసుకున్నాడు. ఆ పిల్ల కూర్చుంది. మిగతా పాఠమంతా నేను చెప్పాను, ఏం చెప్పానో నాకే తెలియదు. గంట కొట్టాక వెతికితే ఆ పిల్ల కనిపించలేదు.

బాగుందని రాశారు. కొనసాగింపు వచ్చింది. ప్రిన్సిపల్ గారు టీ తెప్పించారు. ఛీ, ఆ టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

రెండు రోజులు ఆ కొట్టువైపు పోకుండా అవతలి గేటునుంచి స్టేషన్లోకి పోయాను. మూడో రోజు నామీద నాకే ఒళ్ళుమండి వెళ్ళాను. కూతురు లేదు. తల్లి ఒక్కతే ఉంది, మిగిలిన టమాటాల్ని మెత్తవి వేరు, గట్టివి వేరు చేస్తోంది.

"రండి మేడంగారూ. ఉజ్జోగం నిలబడిందటగా. మా పిల్ల సెప్పింది" అంది. దెప్పుతోందేమోనని ముఖంలోకి చూశాను. అలాంటిదేం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"అమ్మా, ఆ రేట్లు..." అని మొదలుపెట్టాను.

"అదీ సెప్పింది. నానే దాన్ని కేకలేశాను, అంతమందిలో నా పేరు ఎందుకు సెప్పావే అని. మేడం మొకం సూడలేకపోయానమ్మా అంది." చేతిలో టమాటా పక్కన పెట్టింది. "పోనీండి. జరిగిపోనాది."

అంతలో ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చింది. వెనక బెంచీ కుర్రాడి తల్లి, నాకు ముఖపరిచయం ఉంది. టమాటా ఎంతని అడిగింది. పదహారు అంది కొట్టామె.

"నిజంగా పదారేనా? మా వోడు సెప్పాడులే, రైలు దిగినోళ్ళకి సాయంకాలం రేటు పెంచుతావట. కాలేజీలో చార్టు కట్టి మరీ సూపించారంట." నవ్వుతూనే అంది. కొట్టామె నవ్వలేదు. నావైపూ చూడలేదు. తక్కెడలో గుండు సర్దుకుంటూ నిలబడింది.

ఇప్పుడు కూడా నోరు మూసుకుంటే నేను మనిషినే కాదనిపించింది. "కాదండీ. ఆ చార్టులో రేటు నేనే మార్చి రాశాను. ఈమె పద్దెనిమిదికే అమ్మింది. తప్పు నాది, ఈమెది కాదు" అన్నాను. పక్క కొట్లవాళ్ళకి కూడా వినపడేలా గట్టిగానే అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ నవ్వింది. "మీరెందుకు మారుస్తారు మేడమ్, సదువు సెప్పేవోరు! పాపం, దీన్ని ఎనకేసుకొస్తన్నారు."

"నిజమండీ, నేనే..." అంటూండగానే సంచీ భుజాన వేసుకుని కదిలిపోయింది. పక్క కొట్టులో అవే టమాటాలు కిలో ఇరవై. ఆవిడ బేరమాడకుండా రెండు కిలోలు తీసుకుంది.