కడిగిన లొట్లు

ఉదయగిరి చుట్టుపక్కల పెంచలనరసయ్య ఎక్కని తాటిచెట్టు లేదు. చెట్టుపైనుంచి ఒకసారి సముద్రంలో పడవలు కనిపించినాయని నాతో చెప్పినాడు. నేను పదిమందికి చెప్పేటప్పటికి పడవల్లో వాళ్ల మీసాలు కూడా కనిపించినాయి. ఇప్పుడాయనకు అరవై మూడు. రోజుకు రెండుసార్లు పద్దెనిమిది చెట్లు ఎక్కి కల్లు గీస్తాడు. దిగినాక నడుం మోకు విప్పకుండా అట్లే చెట్టుకు ఆనుకుని నిలబడతాడు.

మామ అలుపు చూడలేక, మార్చిలో ఒకరోజు కోడలు భవ్యశ్రీ చెట్లకు మార్చి కట్టే కల్లు లొట్లన్నీ ముందేసుకుని, మరిగే నీళ్లు పోసి సబ్బుతో తోమేసింది. అడుగున అంటిన తెల్ల మడ్డి గోకి పారేసింది. ఆ సాయంత్రం ఆయన చూసుకోకుండా అవే కట్టినాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి చంద్రశేఖర్ మేస్త్రీ వచ్చినాడు. ఆత్మకూరు నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కడతా ఉండాడు. సగం కల్లు ఆయన మనుషులకే పోతాది. ఒక గుక్క తాగి మొహం చిట్లించినాడు.

"ఏంది పెద్దాయనా, పానకం పోస్తన్నావు? నీళ్లు కలిపినావా?"

"నీళ్లు కలిపితే చప్పగుంటాది. తియ్యగెందుకుంటాదిరా?"

"నాకదంతా తెలీదు. రేపట్నుంచి గురుస్వామి కాడ తెచ్చుకుంటాం."

గురుస్వామి పక్కూరి గీతగాడు. మేస్త్రీ పోతే సగం కల్లు మిగిలిపోతాది. రేపటికి దాచుకుందామంటే పులిసి నోట్లో పెట్టుకోను పనికిరాదు.

పెంచలనరసయ్య లొట్టి వాసన చూసినాడు. సబ్బు. అంతా అర్థమైపోయింది.

"చెట్టు ఇచ్చేది చక్కెర నీళ్లేరా. దాన్ని గంటల్లో కల్లు చేసేది ఆ మడ్డి. దాన్ని కడిగేసినారు. ఇప్పుడు గాలిలోంచి, గెల మీదనుంచి చేరిన కాస్తతోనే మొదలు కావాల. పన్నెండు దాకా ఆగు. అప్పటికీ మత్తెక్కకపోతే నా చెట్లన్నీ గురుస్వామికే ఇచ్చేస్తా."

మేస్త్రీ నవ్వి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నా, నాకేం పని. పదికి లొట్టిలో చిటపట మొదలైంది. ఎండ ముదిరే కొద్దీ అది ఎక్కువైంది. పన్నెండుకు నురగ అంచు దాటింది. ఆ నురగలో నా చెప్పులు కొట్టుకుపోయినాయని ఊళ్లో చెప్పినాను గానీ, పొంగింది వేలెడే.

రెండు గ్లాసులకే మేస్త్రీ చెవులు ఎర్రబడినాయి.

"ఒప్పుకున్నా పెద్దాయనా. రేపు మాత్రం ఎనిమిదికే ఎక్కాల."

మూడింటికి పెంచలనరసయ్య ఆ కల్లు అడుగున మిగిలిన మడ్డిని కడిగిన లొట్లలో తలా కొంచెం పోసినాడు.

"ఇంకొంచెం పోస్తే ఇంకా ఎక్కుతాది గదా మామా?" అనింది భవ్యశ్రీ, తప్పు చేసిన మొహంతో.

"ఎక్కువైతే తెల్లారేసరికి పుల్లబడతాదమ్మా. ఎండలు ముదిరితే ఇంకా తగ్గించాల. నువ్వు మాత్రం చన్నీళ్లతో తొలిపి వదిలెయ్."

"గెలిచినావు పెద్దాయనా!" అన్నాను నేను.

ఆయన మోకు నడుముకేసుకుని మొదటి చెట్టు వంక చూసినాడు. "గెలిచినాన్రా. అందుకేగా ఎక్కాల్సి వచ్చె."