మూసిన రోజుల లెక్క

లైబ్రేరియన్ అజీజా, దయాకర్‌రావు నోరు మూయించిన రోజు దేవవ్వ చీపురు పట్టుకుని అక్కడే ఉంది. సుల్తానాబాద్‌లో చందాల మీద నడిచే ఆ చిన్న గ్రంథాలయానికి ఆయన అధ్యక్షుడు. తొమ్మిది రోజులు ఆలస్యంగా పుస్తకం తెచ్చి, "నాకు జుర్మానా ఏంది?" అన్నాడు. అజీజా రిజిస్టరు తెరిచి, జుర్మానా నియమం రాసిన పేజీ ఆయన వైపు తిప్పింది.

"గీ సంతకం ఎవలది సార్? రోజుకు పావలా. రెండు రూపాయల పావలా ఇయ్యండి."

అంతటి మనిషి పైసలిచ్చి రసీదు మడుచుకుని పోతుంటే దేవవ్వకు కడుపు నిండింది. తలుపు తాళంచెవి ఆమె బొడ్లోనే ఉంటుంది. తాను లేకుంటే గ్రంథాలయమే లేదని ఆమె లెక్క.

ఆయన ఆ సంగతి మరవలేదు. అయిదేళ్లకు, తొంభై ఏడులో, అజీజా కరీంనగర్‌లో నెల రోజులు నేర్చుకొచ్చి కంప్యూటరులో రిజిస్టరు కట్టింది. పుస్తకం ఇచ్చిన తేదీ కొడితే పద్నాలుగు రోజులు కలిపి గడువు అదే వేస్తుంది. తిరిగి తెచ్చిన తేదీ కొడితే గడువు దాటిన రోజులకు జుర్మానా చూపిస్తుంది. దాటకపోతే సున్నా.

మరుసటేడు ఫిబ్రవరి ఆఖరున దయాకర్‌రావు కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చున్నాడు. "పదిమంది లెక్కలు చూపియ్యమ్మా. ఒక్కటి తప్పినా గీ కంప్యూటరు పెట్టె పోతది, నీ నౌకరీ గూడ."

తొమ్మిది సరిపోయాయి. పదోది బీడీలు చేసే పోశవ్వది. గడువు పద్నాలుగో తారీఖు, తెచ్చింది పద్దెనిమిదిన. తెర మీద ఒక రూపాయి పడింది.

తలుపు దగ్గర నిలబడ్డ పోశవ్వ లబోదిబోమంది. "నాలుగు దినాలు తిరిగిన సారూ! తాళమే ఉండె!"

"మూసిన దినాలకు జుర్మానా లేదని మన కాయిదాలనే ఉన్నది," దయాకర్‌రావు నవ్వాడు. "ఏమైందమ్మా నీ మిషిను?"

దేవవ్వ చీపురు పడేసి, మూలనున్న క్యాలెండరు పీక్కొచ్చి బల్ల మీద కొట్టింది. పద్నాలుగు నుంచి పదిహేడు దాకా తాళమేసిన రోజులకు ఆమె బొగ్గుతో గీసిన గీతలు.

"ఓట్లకని ఈ గది ఇచ్చినమా లేదా? మీరే చెప్పిరి గద సారూ, తాళమెయ్యమని!"

అజీజా ఆ నాలుగు తేదీలు పక్క వరుసలో ఎక్కించింది. గడువు తర్వాతి రోజు నుంచి వచ్చిన రోజు దాకా ఎన్ని మూసిన తేదీలున్నాయో అన్ని తీసెయ్యమని లెక్క మార్చింది. తెర మీద పావలా మిగిలింది.

"ఇంకా తప్పే!" దయాకర్‌రావు లేచాడు.

"జర ఆగండి సార్." అజీజా క్యాలెండరు దగ్గరికి లాక్కుంది. పద్నాలుగు మీద వేలు పెట్టి గొణిగింది. "గడువు దినమే మూసినం గద... మళ్ల తెరిసిన దినం తెస్తె ఆలస్యమే కాదు." లెక్క గడువు రోజు నుంచే మొదలయ్యేలా దిద్దింది.

సున్నా.

దయాకర్‌రావు కంటి అద్దాలు సవరించుకుని రెండుసార్లు చూశాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

పోశవ్వ పోయాక అజీజా కుర్చీ ఖాళీ చేసి దేవవ్వను కూర్చోబెట్టింది. "మూసిన దినాలు నాకు యాదికుండయి అవ్వా. నీకు అంకెలొస్తయి. ఇగ తాళమేసిన రోజుల తేదీ నువ్వే దీంట్ల కొట్టాలె."