ముప్పై రోజుల గడువు

పలాస టౌన్‌హాల్లో జీఎస్టీ మీద సభ పెట్టి ఉషశ్రీ చేత మైకు పట్టించాలని వర్తక సంఘం నిర్ణయించినప్పటి నుంచీ ఆమెకు తిండి సయించలేదు. మాట్లాడడం ఆమెకు కొత్త కాదు. టెక్కలి పాత బస్టాండు వెనక సందులో ఆమెకొక గది ఉంది. చుట్టుపక్కల చిన్న వ్యాపారులకు జీఎస్టీ కాగితాలు రాసిపెట్టడం, నెలనెలా రిటర్నులు వేయడం ఆమె పని. రోజుకి పది మందికైనా అదే విషయం చెబుతుంది. తండ్రి చలపతిరావు రెవెన్యూ ఆఫీసులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా చేసి దిగిపోయాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటే, కాగితం మీద తేదీ ముందు చూడాలని. ఆ ఒక్కటీ ఆమె ఒకసారి మరిచిపోయింది. అసలు బాధ అక్కడే ఉంది.

మూడేళ్ల కిందటి మాట. డొంకూరు నుంచి ధనరాజు అనే మనిషి వచ్చాడు. చేపల వేటకి వెళ్లే కుటుంబం. పడవ ఒడ్డుకి లాగుతుంటే భుజం జారి, ఇక సముద్రం మీదికి పోలేక కాశీబుగ్గలో దుకాణం పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ క్రేట్లు, తాళ్లు అమ్మేవాడు. కొనేది ఎక్కువగా జీడిపప్పు ఫ్యాక్టరీలవాళ్లు. వాళ్లు జీఎస్టీ బిల్లు అడుగుతున్నారు, లేకపోతే ఇంకో దుకాణానికి పోతున్నారు. ఉషశ్రీ అతనికి జీఎస్టీ నంబరు తెప్పించింది. కానీ నంబరు రాకముందు కొని దుకాణంలో ఉంచుకున్న సరుకు మీద అప్పటికే కట్టిన పన్ను తిరిగి జమ చేయించుకోవాలంటే, నంబరు వచ్చిన ముప్పై రోజుల్లోగా వేరే ఫారం వేయాలి. ఆమె ఆ ఫారం సంగతి మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి నలభై రోజులు దాటిపోయాయి. దాదాపు నలభై వేలు పోయాయి.

ధనరాజు వచ్చి అడిగితే, "పోర్టల్ తీసుకోలేదండీ, చాలామందికి అలాగే అయింది" అని చెప్పింది. అతను కాసేపు ఆమె మొహం చూశాడు. మర్నాడు వచ్చి తన ఫైలు తీసుకుపోయాడు. గొడవ పెట్టుకుని ఉంటే బాగుండేదని ఆ తరవాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో.

సభ రోజు పొద్దున్న పలాస బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది, లేచి తండ్రి పక్కకు మారింది, మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చింది. ఆయన ఊరికే వస్తానని తోడు బయలుదేరాడు.

"ఏమిటే, కాగితాలు మరిచిపోయావా?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి నాన్నా."

"మరి?"

ఆమె చేతిలో కాగితం నలిపి నలిపి అంచులు మెత్తబడిపోయాయి.

హాలు నిండింది. కిరాణా, బట్టలు, ఇనప సామాన్లు, ప్యాకింగ్ సరుకు అమ్మేవాళ్లు నూటయాభై మంది దాకా వచ్చారు. సంఘం కార్యదర్శి రామూర్తి వేదిక పక్కన ఆమెను పట్టుకుని, "అమ్మా, భయపెట్టొద్దు. లాభాలే చెప్పండి. నంబరు తీసుకునేవాళ్లు పెరగాల. పైనుంచి ఒత్తిడి ఉంది" అన్నాడు. ఆమె తలూపింది. వేదిక ఎక్కి ముందు వరుసలు చూసింది. మూడో వరుసలో, ఎడమ భుజం కాస్త కిందికి దించి, ధనరాజు కూర్చున్నాడు.

నీళ్లు తాగి మొదలుపెట్టింది.

"ఒక క్రేటు కొన్నారనుకోండి. సరుకు వంద, పన్ను పద్దెనిమిది. నూటపద్దెనిమిది కట్టారు. నంబరు లేకపోతే ఆ పద్దెనిమిదీ మీ ఖర్చే. మీద ఇరవై వేసుకుని నూటముప్పై ఎనిమిదికి ఫ్యాక్టరీకి అమ్ముతారు. ఫ్యాక్టరీకి అందులో పైసా కూడా తిరిగి రాదు. నంబరుంటే? మీ సరుకు వందే. ఇరవై వేసుకుని నూటఇరవై, దాని మీద పన్ను ఇరవై ఒకటీ అరవై పైసలు వసూలు చేస్తారు. మీరు ముందే కట్టిన పద్దెనిమిది అందులో తీసేసుకుని, మిగతా మూడు రూపాయల అరవై పైసలే ప్రభుత్వానికి కడతారు. మీ లాభం మారలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఆ ఇరవై ఒకటీ అరవై వాళ్ల లెక్కలో తీసుకుంటారు. వాళ్లకి క్రేటు నూటఇరవైకే పడింది. ఇప్పుడు ఎవరి దగ్గర కొంటారు?"

హాల్లో గుసగుసలు లేచాయి. ఇనప సామాన్ల కొట్టు సుమన్ వేళ్ల మీద లెక్కవేస్తున్నాడు. రామూర్తి చప్పట్లు మొదలెట్టాడు.

వెనక నుంచి ఒక ఆడమనిషి లేచింది. ఆమె పేరు జోగమ్మ. చేపల గంప గుమ్మం బయట పెట్టి వచ్చానని లేస్తూనే చెప్పింది. "నానూ అమ్ముతాను కదమ్మా. ఐసు కొంతన్నాను, గంపలు కొంతన్నాను. వాటికీ పన్ను కట్టినట్టే కదా. నాకూ నంబరు రాయి మరి."

రామూర్తి ఉషశ్రీ వైపు చూశాడు. రాయమన్నట్టే ఉంది ఆ చూపు.

"మీరు అమ్మేవి పచ్చి చేపలేనా?"

"అవే మరి, ఇంకేటమ్ముతాను?"

"పచ్చి చేపల మీద పన్ను లేదమ్మా. అమ్మే సరుకు మీద పన్ను లేనప్పుడు, ఐసు మీద కట్టింది తిరిగి తీసుకోడానికి లేదు. మీకు నంబరు అక్కర్లేదు. ఎవరైనా తీసుకోమంటే డబ్బులివ్వకండి."

జోగమ్మ "అలాగా" అని కూర్చుంది. రామూర్తి మొహం ముడుచుకుంది. ఉషశ్రీకి మాత్రం ఏదో ముడి కొంచెం వదులైనట్టనిపించింది. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చెప్పసాగింది. నంబరు తీసుకుంటే మొదటి రూపాయి నుంచీ పన్ను వసూలు చేయాలి. అమ్మకం లేని నెలకైనా రిటర్ను వేయాలి, వేయకపోతే ఆలస్య రుసుం. మీరు కొన్న బిల్లు మీద మీ నంబరు ఉండాలి, అమ్మినవాడు ఆ బిల్లు తన లెక్కలో ఎక్కించాలి. అతను ఎక్కించకపోతే మీకు జమ రాదు. కాంపోజిషన్ అని చిన్న వ్యాపారులకున్న పథకం కింద చేరితే కాగితాలు తక్కువే కానీ ఈ జమ మాత్రం ఉండదు.

ఇక మిగిలింది పాత సరుకు విషయం. కాగితంలో ఆ చోట రెండు వాక్యాలు రాసుకుంది. చదివేసి దిగిపోవచ్చు. మూడో వరుసలో ధనరాజు కదలకుండా చూస్తున్నాడు.

"ఇష్టపూర్వకంగా నంబరు తీసుకున్నవాళ్లకు ఒక హక్కుంది," అంది. "నంబరు వచ్చిన రోజుకి ముందు రోజున దుకాణంలో ఉన్న సరుకు మీద, ఏడాది లోపు బిల్లులుంటే, కట్టిన పన్ను జమ తీసుకోవచ్చు. దానికి ముప్పై రోజుల్లోగా ఐటీసీ సున్నా ఒకటి అని ఒక ఫారం వేయాలి. తేదీ దాటితే మామూలుగా ఆ జమ పోయినట్టే. నాకెలా తెలుసంటే..."

కాగితం బల్ల మీద పెట్టేసింది.

"మూడేళ్ల కిందట నేనే ఒకరికి ఆ ఫారం వేయడం మరిచిపోయాను. నలభై వేలు పోయాయి. ఆయనకి పోర్టల్ తప్పని చెప్పాను. పోర్టల్ తప్పు కాదు. తప్పు నాది. ఆయన ఇక్కడే ఉన్నారు. అందరి ముందూ చెబుతున్నాను, క్షమించండి ధనరాజు గారూ."

చలపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తల దించుకున్నాడు. కొన్ని తలలు మూడో వరుస వైపు తిరిగాయి. ధనరాజు లేచి నిలబడ్డాడు.

"పోర్టలు కాదని నాకు ఆ వారవే తెలిసిందమ్మా," అన్నాడు. గొంతులో కోపం లేదు, మెత్తదనమూ లేదు. "శ్రీకాకుళం ఎల్లి అడిగినాను. నువ్వు సెప్తావేటోనని సూసినాను. సెప్పలేదు. అందుకే ఫైలు అట్టుకుపోనాను. డబ్బుకి కాదు."

అతను పక్కనున్న కుర్రవయసు మనిషి భుజం తట్టి లేపాడు. "ఈడు యువరాజు, మా ఊరోడే. ప్యాకింగ్ అట్టపెట్టెల యాపారం. ఇంకో కాడ నంబరు తీయించినాడు, పద్దెనిమిది రోజులైంది. సరుకు సంగతి ఈడికెవులూ సెప్పలేదట. ఇప్పుడు ఏటి సెయ్యాల, అది సెప్పు."

"పన్నెండు రోజులున్నాయి," అంది ఆమె వెంటనే. "బిల్లులన్నీ తీసుకుని రేపే రండి."

సభ ముగిశాక రామూర్తి ఆమెతో మాట్లాడలేదు. ఒకరిద్దరు దగ్గరికి వచ్చి ఫోన్ నంబరు అడిగారు. ఇంకొకడు పక్కవాడితో, "తప్పు చేసినామె దగ్గరికి ఎవుడెల్తాడు" అనడం ఆమె చెవిన పడింది. అది నిజమేనని ఆమెకి తెలుసు. మర్నాటికి ఇద్దరు పాత ఖాతాదారులు ఫోన్ చేసి, ఇక నుంచి రిటర్నులు వేరే చోట వేయించుకుంటామన్నారు. సభ నుంచి ఇంటికొచ్చిన రాత్రి చలపతిరావు ఒకే మాటన్నాడు: "ఆ రోజే చెప్పి ఉండాల్సింది."

"తెలుసు నాన్నా."

ఫారం వెళ్లేదాకా ఆమె ఒకచోట కూర్చోలేదు. యువరాజు తెచ్చిన సంచిలో బిల్లులు సగం రంగు వెలిసిపోయి ఉన్నాయి. కొన్నింటి మీద దుకాణం పేరే తప్పు. ఆమె రోజూ కాశీబుగ్గ వెళ్లి అతని గోడౌన్లో అట్టపెట్టెల కట్టలు లెక్కపెట్టింది. నంబరు రాకముందు అమ్మేసిన కట్టలు ఏవి, ఆ రోజున మిగిలినవి ఏవి అని విడదీసింది. ఒక పెద్ద బిల్లు మీద తేదీ చూసి ఆగిపోయింది. నంబరు వచ్చిన నాటికి ఏడాది మీద తొమ్మిది రోజులు.

"ఇది రాదు," అంది.

యువరాజు గొణిగాడు. "తొమ్మిది రోజులే కదండీ. కలిపేయండి. ఎవులు సూత్తారు?"

"రాదంటే రాదు. రేపు నోటీసు వస్తే కట్టేది మీరు. అప్పుడు నేను పోర్టల్ తప్పని చెప్పలేను."

అతను కాసేపు బిక్కమొహం వేసి, ఆ బిల్లు తీసి పక్కన పెట్టాడు. ఇరవై ఏడో రోజున ఫారం వెళ్లింది. జమ అతని ఖాతాలో కనిపించేవరకు ఆమె గంటకోసారి తెరిచి చూసింది. కనిపించాక కూడా మళ్లీ చూసింది.

ధనరాజు ఫైలు ఆమె దగ్గరికి తిరిగి రాలేదు. అతని లెక్కలు కాశీబుగ్గలో ఇంకొకాయన చూస్తున్నాడు, బాగానే చూస్తున్నాడు. ఆ నెలాఖరున మాత్రం ఫోన్ చేశాడు.

"అమ్మా, డొంకూరులో మా వోళ్లు కొందరు నంబరు తీసుకుంటారట. తాళ్ల దుకాణం పెడతారొకరు. మిగతావోళ్లు చేపలోళ్లే. ఎవులు తీసుకోవాల, ఎవులికి అక్కర్లేదు, వచ్చి సెప్పు. ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయే," అంది.

"భోజనం మా ఇంటి కాడే," అని అతను ఫోన్ పెట్టేశాడు.

ఉషశ్రీ గదిలో నాలుగడుగులు అటూ ఇటూ నడిచింది. తరవాత బ్యాగులో కొత్త నోటుపుస్తకం పెట్టుకుని, డొంకూరు దారిలో ఇచ్ఛాపురం వైపు ఆదివారం పొద్దున్న మొదటి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి బస్టాండులోకి వెళ్లింది.