కారణం మూసి చదివించిన సామేలు సారు

సారంగాపూర్‌లో కైకిలు చేసి బతికే ఇంట్లో పుట్టిన సామేలు, సిరిసిల్లలో జంతుశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. సకల జనుల సమ్మెకు కాలేజీ మూతపడితే, పాత ఎంసెట్ పేపర్లు చంకన పెట్టుకుని, ఆగిపోయిన మరమగ్గాల షెడ్డులో పైసా తీసుకోకుండా పాఠం చెప్పేవాడు. బీదపిల్లలు సీట్లు పోగొట్టుకుంటే ఏ రాష్ట్రం వచ్చి ఏం లాభమని సమ్మె కమిటీవాళ్లతోనూ తగువు పెట్టుకున్నాడు.

ఆ రోజు బోర్డు మీద ప్రశ్న ఇది. ప్రతిపాదన: ధమని తెగితే రక్తం ఎగజిమ్ముతుంది. కారణం: ధమనుల్లో కవాటాలుండవు. బీడీలు చుట్టే ఇంటి పిల్ల కవిత తడుముకోకుండా ఒకటో జవాబు చెప్పింది: రెండూ నిజం, రెండోది మొదటిదానికి సరైన వివరణ.

సామేలు కారణాన్ని అరచేత్తో మూసి మొదటిది చదవమన్నాడు. నిజమే. మొదటిదాన్ని మూసి రెండోది చదవమన్నాడు. అదీ నిజమే.

"ఇప్పుడు నడుమ 'ఎందుకంటే' పెట్టు. కవాటాలు లేక చిమ్ముతున్నదా, గుండె కొట్టే జోరుకా?"

"జోరుకే సార్. రెండో జవాబు: రెండూ నిజమే, గని అది దీనికి కారణం కాదు. రెండు నిజాలు పక్కపక్కన కూసుంటే సుట్టాలనుకున్న," అని కవిత నాలిక కరుచుకుంది.

అంతలో చౌరస్తా వైపు నుంచి లాఠీల చప్పుడు, అద్దాలు పగిలిన చప్పుడు. సమ్మె కమిటీ హన్మండ్లు ఇంకొకడితో కలిసి, ఆ షెడ్డులోనే మగ్గం నడిపే పాషాను మోసుకొచ్చి నేలమీద పడుకోబెట్టాడు. లాఠీ దెబ్బకు నెత్తి పగిలి ముఖమంతా నెత్తురు. తలకు గుడ్డ చుట్టి కట్టారు. తల పగిలింది కాబట్టి నెత్తురు పోతున్నదని, ఇంకా గట్టిగా కట్టాలని అందరూ కంగారుపడ్డారు. సామేలు చేతులు కూడా ఆ తలమీదే ఉన్నాయి. పాషా పెదవులు మాత్రం తెల్లబడుతూనే ఉన్నాయి.

"సార్," అంది కవిత, "తల పగిలింది, నిజమే. మనిషి నెత్తురు పోయి తెల్లవడుతున్నడు, గదీ నిజమే. గని నెత్తురు పోయేది తలకెంచేనా? కట్టు తడుస్తనే లేదు."

సామేలు కిందికి చూసి, తడిసి ముద్దయిన పాషా నల్ల ప్యాంటు చీల్చాడు. దుకాణం అద్దం కోసిన తొడలోంచి ఎర్రటి నెత్తురు గుండె లయకు చిమ్ముతున్నది. చొక్కా విప్పి మడిచి గాయం మీద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఒంటి బరువంతా వేశాడు.

అప్పుడే పోలీసులు లోపలికి వచ్చారు. హన్మండ్లును కొట్టి పడేశారు. సామేలును లేవమన్నారు.

"చేతులు తీస్తే సచ్చిపోతడు. కొట్టుకుంటే కొట్టుకోండ్రి."

వీపు మీద కొట్టారు. మెడ పక్క ఎముక విరిగిన చప్పుడు కవితకు వినబడింది. సామేలు తల కాచుకోవడానికి కూడా చేతులెత్తలేదు. ఎడమ చెయ్యి జారుతుంటే కవిత తన రెండు అరచేతులూ దానిమీద వేసి నొక్కింది. ఆమె వేళ్ల మీదా ఒక దెబ్బ పడింది. ఆటో వచ్చేదాకా ఇద్దరూ కదల్లేదు.

పాషా బతికాడు. సామేలు మీద పోలీసులపై దాడి చేశాడని కేసు పడింది. సాక్ష్యంగా పాషా నెత్తుటితో తడిసిన ఆయన చొక్కానే సీలు వేసి కోర్టులో పెట్టారు.